తక్కువ ధరకే మందా, మందుకే ధరా?

"మా అమ్మాయి ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రకటనలు రాసే ఉద్యోగం చేస్తానంటోంది. ఒక సంస్థ జెనరిక్ మందుల దుకాణానికి ట్యాగ్‌లైన్ రాయమంటే 'తక్కువ ధరకే, నాణ్యతలో రాజీ లేకుండా' అని రాసింది. వాళ్లు తిప్పి పంపారు. ఈ ఆలోచన మాన్పించాలా, లేక డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేర్పించాలా?" – ఒక తండ్రి

ఒక్క వాక్యం తిరిగి వచ్చినంత మాత్రాన మీ అమ్మాయికి ఈ పని చేతకాదని మీరు తీర్మానించుకున్నట్లు కనిపిస్తోంది. అది తొందరపాటు. ఆ వాక్యంలోని లోపం దిద్దుకోదగినదే, దిద్దడానికి కావలసిన జ్ఞానమూ ఆమె చదువులోనే ఉంది.

"రాజీ లేకుండా" అన్న మాట చెవిన పడేవరకు కొనేవారికి రాజీ గురించిన ఆలోచన ఉండకపోవచ్చు. ధర తక్కువని చెప్పిన మరుక్షణమే నాణ్యతకు పూచీ ఇవ్వడంతో, ఆ రెండింటికీ పొసగదని వాక్యమే ఒప్పుకున్నట్లయింది. "తక్కువ ధర, అయినా మంచి మందు" అన్నా ఇదే చిక్కు, ఎందుకంటే "అయినా" అన్న మాటే మంచిదనం అక్కడ ఊహించనిదని చెబుతుంది.

నమ్మకం పూచీతో రాదు, ధర ఎందుకు తగ్గిందో తెలిస్తే వస్తుంది. ఆ కారణం మీ అమ్మాయికి తెలుసు. కొత్త మందును మొదట కనుగొన్న కంపెనీ ఏళ్ల తరబడి పరిశోధనకు, రోగులపై పరీక్షలకు ఖర్చు పెడుతుంది. పేటెంటు గడువు ముగిశాక అదే మూలపదార్థంతో, అదే మోతాదులో జెనరిక్ మందు తయారుచేసే కంపెనీలు ఆ పరీక్షలన్నింటినీ మళ్లీ చేయనక్కర లేదు, సాధారణంగా తమ మందు రక్తంలోకి దాదాపు అంతే వేగంగా, అంతే పరిమాణంలో చేరుతోందని నిరూపిస్తే చాలు. పైగా ఒకే మందును పలు కంపెనీలు చేయడంతో పోటీ పెరిగి ధర దిగుతుంది.

ఇప్పుడు ఆ కారణాన్ని నాలుగు మాటల్లోకి తేవాలి. "మందు అదే, పేరే వేరు" అనవచ్చునని మొదట తోస్తుంది, కానీ పేరు మార్చి అమ్మేది నకిలీ సరుకని భయపడేవారు దానిని అలాగే వింటారు. "పేరుకు డబ్బు కట్టకండి" అంటే అసలు కంపెనీ ధరలో పరిశోధన ఖర్చు కూడా ఉందన్న నిజాన్ని మరుగుపరచినట్లవుతుంది. అదీగాక, మరొక మందును తక్కువ చేసే వాక్యం చివరకు మందులన్నింటి మీదా అనుమానం రేపుతుంది. నేనైతే "ఇక్కడ ధర మందుకే" అన్న దగ్గర ఆగుతాను. మీ అమ్మాయి వాక్యంలో "ధరకే" అన్నప్పుడు సరుకును చవక చేసిన ఆ "కే", ఇక్కడ మందును పట్టుకుని నిలబడి, ధరలో మరే ఖర్చూ కలవలేదన్న అర్థాన్ని ఇస్తుంది. నాణ్యత ఊసు ఎత్తలేదు కనుక దానిని శంకించే అవకాశమూ లేదు.

అది పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం కష్టం కాదు. రోజూ రక్తపోటు మాత్రలు వేసుకునే పెద్దవారికి ఎవరికైనా ఆ వాక్యం చూపించి, ఈ దుకాణంలో ధర ఎందుకు తక్కువై ఉంటుందని మాత్రమే అడగమనండి. "ప్రకటనల ఖర్చు ఉండదేమో" అన్న తరహా జవాబు వస్తే వాక్యం నిలిచినట్లే. "పాత సరుకేమో" అంటే మళ్లీ రాయాలి.

ఒక హద్దు మాత్రం ఆమె దాటకూడదు. "అచ్చంగా అదే", "నూటికి నూరు శాతం ఒకటే" అని రాయకూడదు, ఎందుకంటే రంగు, ఆకారం, మూలపదార్థంతో కలిపే ఇతర పదార్థాలు వేరుగా ఉండవచ్చు. "మీ మందు మార్చుకోండి" అని పిలవడమూ తగదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ వంటి వాటిలో రక్తంలోని మందు స్థాయి కొద్దిగా మారినా ప్రమాదం కనుక, ఒక కంపెనీ మందు నుంచి మరొకదానికి మారేముందు వైద్యుడిని అడగాలి. ఈ హద్దు తెలిసిన రచయితలు అరుదు. పూర్తి కావస్తున్న ఫార్మసీ చదువే ఆమెకు దీనిని నేర్పింది.

డిజిటల్ మార్కెటింగ్ కోర్సుల పట్ల నాకున్న సంకోచం దాచుకోను. ప్రకటన ఎవరికి, ఎప్పుడు, ఎంత ఖర్చుతో చూపించాలో అవి నేర్పుతాయి, ఆ నైపుణ్యానికి విలువ ఉంది. అయితే "ధరకే" అన్న మాట ఎందుకు బెడిసికొట్టిందో చెప్పే పాఠం వాటిలో నాకు ఇంతవరకు కనబడలేదు. ధ్రువపత్రం చేతికి వస్తే మీకు నిశ్చింతగా ఉంటుందన్నది నాకు అర్థమవుతుంది, కానీ మీ నిశ్చింత కోసం ఆమె చేత కోర్సు చేయించడం న్యాయం కాదు. ఆమె రాసినది మీరు ఒక్కసారైనా కూర్చుని చదివారా? "ఈ ఆలోచన మాన్పించాలా" అని నన్ను అడిగేముందు, ఆ వాక్యం ఎందుకు తిరిగి వచ్చిందని ఆమెను అడగవలసింది.

ముందు చదువు పూర్తి చేయనివ్వండి. ఈలోగా మందుల కంపెనీలకు, ఆసుపత్రులకు సమాచారం రాసిపెట్టే సంస్థలలో కొద్ది నెలల శిక్షణకు దరఖాస్తు పెట్టమనండి. దానితో పాటు తిరస్కరణకు గురైన వాక్యాన్ని, దిద్దిన వాక్యాన్ని, పెద్దవారి నుంచి వచ్చిన జవాబులను ఒకే పేజీలో చూపించమనండి.