ఛార్జింగ్ కియోస్క్ పెట్టాలంటే ముందు ఒక నెల కరెంటు డైరీ రాయి

ప్రశ్న: సార్, నాది ఎలక్ట్రికల్ డిప్లొమా ఫైనలియర్. మా టౌన్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలీదు. సోలార్ మీద మొబైల్ ఛార్జింగ్ కియోస్క్ పెడదామనుకుంటున్నా, నాన్నేమో ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఇది నడుస్తుందా, లేక సరుకు ఎండబెట్టే సోలార్ డ్రైయర్ మేలా?

జవాబు: ముందు లెక్క చూద్దాం తమ్ముడూ, నాన్నగారి సంగతి తర్వాత. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్-అవర్లు, ఛార్జర్‌లో కేబుల్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుని 25 అనుకో. అంటే రోజుకి 40 ఫోన్లు ఫుల్ చేసినా నువ్వు అమ్మింది 1000 వాట్-అవర్లు, సరిగ్గా ఒక్క యూనిట్. రోజంతా కూర్చుని ఒక యూనిట్ అమ్మడం! అందుకే జనం నీకు డబ్బులిచ్చేది కరెంటుకి కాదు, ఆ టైంకి ఫోన్ చచ్చిపోకుండా ఉన్నందుకు. మరి ఆ అవసరం మీ టౌన్‌లో నిజంగా ఎంతుందో తెలియాలి కదా, కాబట్టి ఒక నోట్‌బుక్ తీసుకుని నెల రోజులు కరెంటు ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది, ఆ రోజు ఎండా మబ్బా అని రాయి. రోజూ గంట గంట పోతుంటే ఎవరూ రారు, ఫోన్ ఆ మాత్రం ఆగుతుంది, ఇంట్లో పవర్ బ్యాంకూ ఉంటుంది. ఒకేసారి పది పన్నెండు గంటలు పోయే రోజులు నెలకి ఎన్ని అన్నదే నీ బిజినెస్.

ఇప్పుడు సామాను. 1000 వాట్-అవర్లు కావాలంటే, రోజుకి 5 గంటల ఫుల్ ఎండకి సమానమైన వెలుతురు పడుతుందనుకుంటే 300 వాట్ల ప్యానెల్ 1500 ఇస్తుంది, దుమ్ము, వేడి, వైర్లు, బ్యాటరీ కలిసి మూడోవంతు తినేస్తే మనకి మిగిలేది 1000. సాయంత్రాలకి 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టావనుకో, అందులో సగమే వాడాలి, అంటే 600 వాట్-అవర్లు, 24 ఫోన్లు.

చాలామంది ఇక్కడే ఇన్వర్టర్ పెడతారు. వద్దు. ఫోన్‌కి కావాల్సింది డీసీ, బ్యాటరీలో ఉన్నదీ డీసీ, మధ్యలో ఏసీ చేసి మళ్ళీ డీసీ చేయడం ఎందుకు? ఏ ఫోనూ పెట్టకపోయినా ఇన్వర్టర్ 10 వాట్లు లాగుతూ ఆన్‌లో ఉందంటే రోజుకి 240 వాట్-అవర్లు, పది ఫోన్ల ఛార్జింగ్ ఊరికే పోయినట్టు. 12 వోల్టుల నుంచి నేరుగా యూఎస్‌బీ ఇచ్చే డీసీ కన్వర్టర్లు పెట్టు, ఒక్కో లైన్‌కి ఒక్కో ఫ్యూజ్ వెయ్యి.

అసలు చిక్కు ఇంకోటుంది, దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు. కరెంటు ఎక్కువసేపు పోయేది గాలివానల్లో, సరిగ్గా ఆ రోజే ఎండ ఉండదు! నీ దగ్గరికి జనం వచ్చే రోజు ప్యానెల్ పావు వంతు కూడా ఇవ్వకపోవచ్చు. మొదటి రోజు బ్యాటరీలో ఉన్న 24 ఫోన్లు, ప్యానెల్ మీద ఇంకో పది. రెండో రోజు ఆ పదే. అప్పుడు క్యూలో ఉన్నవాళ్ళని పంపలేక బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా ఆపే, ఛార్జ్ కంట్రోలర్‌లోని లో వోల్టేజ్ కటాఫ్‌ని దాటేసి నేరుగా బ్యాటరీకే కలిపేస్తారు. ఒకసారికి ఏమీ కాదు, అలవాటైతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి చాలా ఏళ్ళు రావాల్సిన బ్యాటరీ ఏడాదికే పోతుంది. ఎలా తెలుస్తుందంటే, ఫుల్ ఛార్జ్ చేసి అన్నీ విప్పేసి కొన్ని గంటలు వదిలి మల్టీమీటర్ పెట్టు, 12.7 దగ్గర ఉంటే ఫుల్ ఛార్జ్ పట్టినట్టు, 12.2 దగ్గరికి పడిపోయిందంటే నువ్వు ఎంత ఛార్జ్ చేసినా అందులో నిలిచేది దాదాపు సగమే.

దీనికి మందు ఏంటంటే, మీది అసలు కరెంటే లేని చోటు కాదు కదా, వచ్చీ పోయే చోటు. కాబట్టి ప్యానెల్‌తో పాటు మెయిన్స్‌కి కూడా ఒక 10 యాంపుల బ్యాటరీ ఛార్జర్ పెట్టు, మబ్బు రోజుల్లో కరెంటు ఉన్నంతసేపు అది నింపుతుంది. ఫుల్ సోలార్ అని బోర్డు పెట్టుకోలేవు, పోనీ.

సోలార్ డ్రైయర్‌కి బ్యాటరీ గొడవ లేదు గానీ మబ్బు బాధ దానికీ ఉంది, సగం ఆరిన సరుకు రెండు రోజులు తడి గాలిలో ఉంటే బూజు పట్టేస్తుంది. పైగా ఎండబెట్టిన సరుకు కొనేవాడిని ముందే వెతుక్కోవాలి, అది నీ చదువుకి సంబంధం లేని పని.

నా లెక్కలో కియోస్క్ ఒక్కటే నీకు జీతం ఇవ్వదు. కానీ కరెంటు పోయే టౌన్‌లో ప్రతి షాపులో ఒక బ్యాటరీ ఉంటుంది, దాన్ని సరిగ్గా టెస్ట్ చేసి, ఎంత లోడ్‌కి ఎంత బ్యాటరీ కావాలో లెక్కేసి చెప్పేవాళ్ళు తక్కువ. ఆ పనికి కౌంటర్‌గా కియోస్క్ పెట్టుకో. కోర్సు అయ్యాక ఏడాది పాటు సోలార్ ఇన్‌స్టలేషన్ చేసేవాళ్ళ దగ్గర ఉద్యోగం చెయ్యి, నాన్నగారు కూడా ఒప్పుకుంటారు, ఆ లోపు నీ కరెంటు డైరీలో ఒక వానాకాలం కూడా పడుతుంది.