సార్‌కి రాసే ఉత్తరం: నీ చిత్తు మీద నా దిద్దుబాట్లు

అమ్మలూ,

వాట్సాప్‌లో పంపిన చిత్తు చదివాను. మీ సార్ తెలుగు శాఖ మనిషి కాబట్టి తెలుగులోనే రాయాలనుకోవడం బాగుంది. కానీ నువ్వు రాసింది ఆయనకు అర్జీలా కనిపిస్తుంది. నీ వాక్యాలను ఒకసారి ఇక్కడ పెడతాను చూడు:

“మీ పూర్వ విద్యార్థిని వ్రాయునది ఏమనగా, నేను మీ యొక్క శాఖలో ఎంఏ పూర్తి చేసి ఉన్నాను. అమెరికాలో పిహెచ్‌డి కొరకు దరఖాస్తు చేయుచున్నాను. కావున తమరు దయచేసి నా యొక్క ప్రతిభ గురించి బలమైన సిఫారసు లేఖను 15వ తేదీలోగా పంపగలరు. మీ యొక్క అమూల్యమైన సమయాన్ని వెచ్చించినందుకు ముందస్తు ధన్యవాదములు. ఇట్లు తమ విధేయురాలు.”

“వ్రాయునది ఏమనగా” అన్నది బడిలో హెడ్మాస్టరుకు సెలవు చీటీ రాసినప్పుడు నేర్చుకున్నది. అది రాగానే చేయి దానంతటదే “చేయుచున్నాను”, “కొరకు” అంటూ పాత దారి పట్టింది. మధ్యలో మళ్లీ మామూలు భాష. ఏదో ఒకటే ఉండాలి, ఇక్కడ మామూలు భాషే ఉండాలి. “మీ శాఖలో” అంటే చాలు, “యొక్క” దండగ. మూడుసార్లు వాడావు, మూడూ కొట్టేశాను. “పూర్తి చేసి ఉన్నాను” ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు. మనం “చదివాను” అంటాం. ఒక వాక్యంలో “తమరు”, ఇంకో వాక్యంలో “మీ” ఉండకూడదు. తరగతిలో ఆయన్ని “మీరు” అనే పిలిచావు కదా, అదే ఉంచు.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది “పంపగలరు”. పైకి మర్యాదగా ఉంటుంది గానీ, అది కరెంటు ఆఫీసు నోటీసులో “బకాయి చెల్లించగలరు” అన్నట్టు వినిపిస్తుంది. అడగడం కాదు, ఆయన ఒప్పుకున్నట్టే లెక్కేసి పని అప్పజెప్పడం. దాని వెనకాలే “ముందస్తు ధన్యవాదములు” వచ్చి ఆ తలుపును పూర్తిగా మూసేసింది. ఇంకా చూడని పనికి, ఇంకా ఇవ్వని సమయానికి “వెచ్చించినందుకు” అని ఎలా అంటాం? “బలమైన” లేఖ కావాలని అడగడం కూడా బాగుండదు. లేఖ ఎంత బలంగా ఉండాలో తేల్చుకునేది ఆయన.

నిజానికి నీకు కావాల్సింది ఆయన వద్దనడానికి వీలున్న ప్రశ్న. మొహమాటానికి ఒప్పుకున్న ప్రొఫెసర్లు ఏం రాస్తారో నేను చాలా చూశాను: “ఈమె మా విద్యార్థిని, క్రమశిక్షణ గలది, తరగతికి సక్రమంగా హాజరయ్యేది.” అవతల ప్రవేశాల కమిటీకి అందులో ఏమీ దొరకదు. అలాంటి లేఖ వచ్చేకంటే ఆయన ఇప్పుడే కాదనడం నయం, ఇంకొకర్ని అడుక్కోవచ్చు.

రెండో లోటు, నువ్వెవరో చిత్తులో లేదు. ఏటా ఒక బ్యాచ్‌ను పంపించే మనిషికి “పూర్వ విద్యార్థిని” అంటే ఏ ముఖం గుర్తొస్తుంది? బ్యాచ్ రాయి, ప్రాజెక్టు రాయి, ఆయన నీతో చేయించిన ఒక పని రాయి. ఆయన రాయబోయే లేఖకు సరుకు అక్కడినుంచే వస్తుంది. నువ్వు నాకు చెప్పిన సంగతులతో నేనిలా తిరగరాశాను:

“విషయం: సిఫారసు లేఖ గురించి విన్నపం, ఎంఏ తెలుగు 2021–23 బ్యాచ్

గౌరవనీయులైన సార్‌కి, నమస్కారం.

నేను 2021–23 బ్యాచ్‌లో ఆర్ట్స్ కాలేజీలో ఎంఏ తెలుగు చదివాను. బతుకమ్మ పాటల్లో బంధుత్వ పదాల మీద మీ దగ్గరే ప్రాజెక్టు చేశాను. సిద్దిపేట వైపు సేకరించిన పాటలు చూసి, అవే పాటలు పక్క ఊళ్లో ఎలా పాడతారో కూడా రికార్డు చేసుకు రమ్మని మీరు నన్ను మళ్లీ పంపారు.

ఆ పనినే ముందుకు తీసుకెళ్లాలని అమెరికాలో మూడు విశ్వవిద్యాలయాలకు పిహెచ్‌డి దరఖాస్తు చేస్తున్నాను. ఒక్కోదానికి మూడు సిఫారసు లేఖలు కావాలి. నా పనిని దగ్గరగా చూసింది మీరే కాబట్టి, అందులో ఒకటి మీరు రాయగలరేమోనని అడుగుతున్నాను. వీలు లేకపోయినా, నా గురించి రాసేంతగా గుర్తు లేదనిపించినా నిస్సంకోచంగా చెప్పండి, ఇంకొకరిని అడుగుతాను.

వీలవుతుందంటే, ఏ ఈమెయిల్ చిరునామా ఇవ్వమంటారో చెప్పండి. లేఖ అప్‌లోడ్ చేసే లింకు ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి విడిగా దానికే వస్తుంది. గడువు డిసెంబర్ 15. పదో తేదీకల్లా పూర్తయితే నాకు నిశ్చింతగా ఉంటుంది. మీరు సరేనంటే నా ప్రాజెక్టు ప్రతి, మార్కుల జాబితా, పరిశోధన ప్రతిపాదన పంపిస్తాను.

మీ విద్యార్థిని”

దీని కింద నీ పేరు, హాల్ టికెట్ నంబరు, ఫోన్ నంబరు పెట్టు. “రాయగలరేమోనని” అన్న మాట చూశావుగా, “పంపగలరు”కి దానికీ అక్షరాల్లో తేడా కొంచెమే, అడిగే తీరులో చాలా.

ఆయన సరే అనేదాకా ఏ దరఖాస్తులోనూ ఆయన పేరు నింపకు. చాలా పోర్టళ్లలో చిరునామా ఎక్కించి పంపమనగానే ఆయనకు ఇంగ్లీషులో ఓ మెయిల్ వెళ్లిపోతుంది. నీ ఉత్తరం కంటే ముందు అది చేరితే, ఆ పద్ధతి ఆయనకు నచ్చదు. ఆయన రిటైరయ్యారని విన్నాను. సొంత జీమెయిల్ ఇస్తే కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రశ్నిస్తాయి, యూనివర్సిటీ చిరునామా ఇంకా పనిచేస్తుందేమో కనుక్కో. పనిచేయకపోతే ఆ విశ్వవిద్యాలయం వాళ్లకే రాసి అడుగు, ఆయన్ని ఇబ్బంది పెట్టకు. లింకులు స్పామ్‌లో పడుతుంటాయి, అవి వెళ్లిన రోజే ఆయనకు ఓ మెసేజ్ పెట్టు.

దరఖాస్తులో ఇంకో ప్రశ్న ఉంటుంది: ఆ లేఖను తర్వాత చూసే హక్కు వదులుకుంటావా అని. 1974 నాటి అమెరికా చట్టం విద్యార్థికి ఇచ్చిన హక్కు అది. వదులుకుంటున్నానని పెట్టు. నువ్వు ఏం పెట్టావో లేఖ రాసేవాళ్లకు తెలుస్తుంది, చదివే కమిటీకీ తెలుస్తుంది. చూడనన్న లేఖకే వాళ్లు ఎక్కువ విలువ ఇస్తారు.

గడువు విషయంలో ఓ చిన్న లెక్క. డిసెంబర్ 15 రాత్రి 11:59 అని న్యూయార్క్ సమయంలో ఉంటే, మనకది 16 ఉదయం 10:29. ఆ పది గంటలు నీ జేబులో ఉంచుకో, సార్‌కి చెప్పకు. ఆయనకు 10వ తేదీ చాలు.

“నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతాను” అని ఆయన అనొచ్చు. మన కాలేజీల్లో ఇది మామూలే. అప్పుడు లేఖ రాసివ్వకు, ఒక్క పేజీలో విషయాలు మాత్రమే రాసివ్వు: ఏం చేశావు, ఎక్కడ తిరిగావు, ఆయన ఏం దిద్దారు, ఆ తర్వాత నువ్వేం మార్చావు. పొగడ్త ఒక్కటీ వద్దు. నువ్వే రాసుకున్న లేఖ నీ వ్యాసం గొంతుతోనే ఉంటుంది, రెండూ పక్కపక్కనే చదివే కమిటీకి దొరికిపోతావు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీలు ఇచ్చే నమూనాల జోలికీ పోకు, ఆ వాక్యాలు కమిటీ వాళ్లు ఎన్నిసార్లు చదివి ఉంటారో.

వారం దాటినా జవాబు రాకపోతే ఫోన్ చేయి, “సార్, ఉత్తరం అందిందా” అని మాత్రమే అడుగు. తార్నాక వెళ్లి కలిసినా మంచిదే. ఉస్మానియా బిస్కెట్ల డబ్బా మాత్రం లేఖ అప్‌లోడ్ అయ్యాకే పట్టుకెళ్లు, ముందు పట్టుకెళ్తే ఆయన మొహమాటపడతారు.

విషయం వరుసలో ఇంటిపేరు కూడా చేర్చి రేపు సాయంత్రంలోగా ఓసారి నాకు పంపు. పంపే ముందు అక్షరదోషాలు చూస్తాను.

మీ పెదనాన్న