వ్యాపారం కొనేటప్పుడు భయాన్ని ఎక్కడ లెక్కేయాలి: డిస్కౌంట్ రేటులోనా, క్యాష్ ఫ్లోలోనా?

ప్రశ్న: ఒక మధ్యతరహా వ్యాపారం కొనాలనుకుంటున్నాం. రెండు వైపుల సలహాదారులూ ఒకే క్యాష్ ఫ్లో అంచనాలు తీసుకున్నారు. ముందుముందు వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించడానికి అమ్మేవాళ్ల సలహాదారు 10 శాతం డిస్కౌంట్ రేటు వేశారు, మా సలహాదారు 14 వేశారు. "అమ్మకాల్లో పెద్ద భాగం ఒక్క కస్టమర్ నుంచే వస్తోంది, రిస్క్ ఎక్కువ" అంటున్నారు. ధరల్లో పొంతనే లేదు. ఏ రేటు నమ్మాలి?

జవాబు:

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే రెండూ నమ్మదగినవి కావనే అనిపిస్తోంది. అలాగని మధ్యలో 12 దగ్గర రాజీ పడకండి, ఆ అంకెకు ఏ ఆధారమూ ఉండదు. ఆ నాలుగు పాయింట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ముందు విడదీసి చూడాలి.

కొనేవాళ్ల తరఫున వాల్యుయేషన్ చేయడం నా వృత్తి. అచ్చం ఇలాంటి పేచీయే ఉన్న ఒక డీల్‌లో నేను పనిచేశాను. అసలు అంకెలు బయటపెట్టలేను కాబట్టి నిష్పత్తులు అలాగే ఉంచి, మొదటి ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లోను, అంటే ఖర్చులు, పన్నులు, పెట్టుబడులు పోగా మిగిలే డబ్బును, 100కి కుదించి చెబుతాను. అది ఐదో ఏడాది దాకా ఏటా 8 శాతం పెరిగి 136 అవుతుంది, ఆ తర్వాత ఎప్పటికీ 4 శాతం చొప్పున పెరుగుతుంది. వ్యాపారానికి ఉన్న నికర అప్పు 480.

రేటు 10 వేస్తే మొత్తం వ్యాపారం విలువ సుమారు 1902. 14 వేస్తే 1130. అప్పు 480 తీసేస్తే యజమానుల వాటా ఒక లెక్కలో 1422, ఇంకో లెక్కలో 650. అంటే రెట్టింపు కంటే ఎక్కువ తేడా. అప్పు ఏ లెక్కలోనైనా కదలదు కాబట్టి రేటు దెబ్బంతా చివరికి ఈక్విటీ మీదే పడుతుంది.

ఈ తేడా మొదటి ఐదేళ్లలో లేదు. ఆ ఐదేళ్ల క్యాష్ ఫ్లోల నేటి విలువ 10 శాతం దగ్గర 438, 14 దగ్గర 395. మిగతాదంతా టెర్మినల్ వాల్యూలోనే ఉంది, అంటే ఐదో ఏడాది తర్వాత వచ్చే డబ్బంతటినీ ఒక్క అంకెలో పెట్టే భాగంలో. దాని లెక్క ఇది:

```
136 × 1.04 ÷ (రేటు − 0.04)
```

కింద ఉన్నది రేటు కాదు, రేటుకూ వృద్ధికీ మధ్య ఉన్న దూరం. 10 వేస్తే ఆ దూరం 6, 14 వేస్తే 10. రేటు 10 నుంచి 14కు పోతే చూడ్డానికి నాలుగు పాయింట్లే, కానీ భాగించే అంకె మాత్రం ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. అందుకే రేటు గురించి వాదించేవాళ్లు నిజానికి ఐదేళ్ల అవతల జరగబోయే దాని గురించే వాదిస్తున్నారు.

ఇక ఆ రేట్లు ఎలా పుట్టాయో చూద్దాం. మా డీల్‌లో రిస్క్ లేని రేటు 5, షేర్లలో పెట్టినందుకు అదనంగా అడిగే ఈక్విటీ రిస్క్ ప్రీమియం 6, వ్యాపారం మార్కెట్‌తో పాటు ఎంత ఊగుతుందో చెప్పే బీటా ఆ రంగంలోని కంపెనీలను బట్టి 1.4. కాబట్టి ఈక్విటీ ఖర్చు, అంటే యజమానులు ఆశించే రాబడి, 5 + 1.4 × 6 = 13.4 శాతం. అప్పు మీద వడ్డీ 7, పన్ను 25 శాతం పోగా 5.25. ఈ రెండింటినీ ఏ నిష్పత్తిలో కలపాలన్న దగ్గరే అమ్మేవాళ్ల సలహాదారు ఒక పని చేశారు: బ్యాలెన్స్ షీట్‌లో ఉన్న ఈక్విటీ 660ని తీసుకున్నారు. 480 అప్పు, 660 ఈక్విటీ అంటే అప్పు వాటా 42 శాతం. చవకైన అప్పుకు అంత బరువిచ్చేసరికి సగటు 10కి దిగింది.

అది పుస్తకాల్లోని విలువ, ఎప్పుడో పెట్టిన పెట్టుబడి, పోగుపడిన లాభాల లెక్క. ఈ రోజు ఆ వాటా ఎవరికీ 660కి దొరకదు, అమ్మేవాళ్లే అంతకు రెట్టింపు పైన అడుగుతున్నారు కదా. బరువులు మార్కెట్ విలువలతో వేయాలి. విలువ తేల్చడానికి రేటు కావాలి, రేటు తేల్చడానికి విలువ కావాలి, నిజమే. అందుకే ఒక అంచనాతో మొదలుపెట్టి రెండూ కలిసేదాకా తిప్పుతాం, లేదా అదే రంగంలోని లిస్టెడ్ కంపెనీల నిష్పత్తి తీసుకుంటాం. ఇక్కడ అది 30 శాతం అప్పు దగ్గర ఆగింది: 0.7 × 13.4 + 0.3 × 5.25, సుమారు 11. ఆ 11 దగ్గర వ్యాపారం విలువ 1626. అందులో 480 అప్పు దాదాపు 30 శాతమే కాబట్టి లెక్క తనతో తాను సరిపోయింది.

అంటే అమ్మేవాళ్ల 10 ఎందుకు తక్కువగా ఉందో తేలింది. ఇప్పుడు మన వైపు 14. అది 11 మీద ఇంకో 3 కలిపితే వచ్చింది, ఆ మూడూ "పెద్ద కస్టమర్ పోతాడేమో" అన్న భయం. దీన్ని కంపెనీ స్పెసిఫిక్ రిస్క్ ప్రీమియం అంటారు. నాకు వాల్యుయేషన్‌లో అన్నిటికంటే చిరాకు తెప్పించే అంకె ఇదే, ఎందుకంటే ఆ 3 ఎందుకు 2 కాదో, 5 కాదో అడిగితే జవాబు ఉండదు.

భయం మాత్రం నిజమైనదే. ఆ కస్టమర్ అమ్మకాల్లో 30 శాతం. అతను పోతే అద్దె, జీతాల్లాంటి స్థిర ఖర్చులు అలాగే ఉంటాయి కాబట్టి ఫ్రీ క్యాష్ ఫ్లో 30 కాదు, 40 శాతం పడిపోతుందని తేల్చాం. కాంట్రాక్టు రెండో ఏడాది చివరిదాకా ఉంది. కాబట్టి ఆపద ఒకే ఒక రోజున ఉంది: రెన్యువల్ రోజున.

రేటుకు 3 కలిపితే ఏమవుతుందో చూడండి. కాంట్రాక్టు ఖాయంగా ఉన్న మొదటి ఏడాది డబ్బులోనే 2.6 శాతం కోత పడుతుంది. 20వ ఏడాది డబ్బులో 41 శాతం పోతుంది. రెన్యువల్ అయినా కాకపోయినా ఆ కోత ఏటా పెరుగుతూనే ఉంటుంది. మన భయం ఆకారం అది కాదు. రెండేళ్లు ఏమీ జరగదు, మూడో ఏడాది నుంచి 40 శాతం పోవచ్చు, పోకపోవచ్చు. అంతే.

దాన్ని అలాగే క్యాష్ ఫ్లోలో రాశాం. 11 శాతం రేటుతో మూడో ఏడాది నుంచి వచ్చే డబ్బంతటి నేటి విలువ 1448. కస్టమర్ ఖచ్చితంగా పోతాడనుకుంటే అందులో 40 శాతం, అంటే 579 పోయి వ్యాపారం విలువ 1047 అవుతుంది. నిలబడితే 1626. ఇప్పుడు ఆ 1130ని దీని పక్కన పెట్టండి. కస్టమర్ తప్పకుండా పోయే లెక్కకు అది దాదాపు ఆనుకుని ఉంది. వెనక్కి లెక్కేస్తే, 3 పాయింట్లు కలపడమంటే కస్టమర్ పోయే అవకాశం సుమారు 86 శాతం అని ఒప్పుకోవడమే. ఆ మాట గదిలో పైకి అన్నప్పుడు మా వైపున్న ఎవరూ దాన్ని సమర్థించలేదు. గత రెన్యువల్స్ చూసి, కస్టమర్ ఇంకొకరి దగ్గరికి మారాలంటే ఎంత ఖర్చవుతుందో చూసి, అందరూ ఒప్పుకున్న అంకె 25 శాతం. దాంతో విలువ 1626 నుంచి 145 తగ్గి సుమారు 1481 అయింది.

25 శాతం కూడా అంచనాయే కదా అని మీ సలహాదారు అనవచ్చు. అవును, అంచనాయే. కానీ దాని గురించి ఆధారాలతో మాట్లాడుకోవచ్చు. కాంట్రాక్టు చదవచ్చు, ఆ కస్టమర్‌తో మాట్లాడించమని అమ్మేవాళ్లను అడగవచ్చు, కొత్త సమాచారం వస్తే అంకె మార్చవచ్చు. "3 పాయింట్లు" గురించి అలా మాట్లాడలేం.

మరి రేటులో ఉండాల్సిన రిస్క్ ఏది? మొత్తం ఆర్థిక వ్యవస్థతో పాటు ఊగేది. మార్కెట్ పడినప్పుడు ఈ వ్యాపారం అంతకంటే ఎక్కువ పడుతుందా అన్నది బీటాలోకి వెళ్లాలి. ఒక కస్టమర్ పోవడం లాంటివి, పలు చోట్ల పెట్టుబడులున్న కొనుగోలుదారుకు ఒకచోట పోతే ఇంకోచోట సర్దుకుంటాయి, అందుకే వాటికి క్యాష్ ఫ్లోలో సగటు తీస్తే చాలు. మీరు ఉన్న డబ్బంతా ఈ ఒక్క వ్యాపారంలోనే పెడుతున్నట్టయితే మాత్రం సంగతి వేరు, మీకు సర్దుకునే చోటు లేదు. అప్పుడు ఎక్కువ రాబడి అడగడం న్యాయమే. కానీ అది మీ పరిస్థితికి ధర, వ్యాపారం విలువ కాదు. అలాంటి కొనుగోలుదారు సాధారణంగా వేలంలో వెనకబడతారు.

ఇంకోటి చూసుకోండి. మీరిద్దరూ వాడుతున్న "ఒకే క్యాష్ ఫ్లో అంచనాలు" అమ్మేవాళ్లు ఇచ్చిన ప్రణాళికేనా? చాలాసార్లు ఆ ప్రణాళికలో అన్నీ అనుకున్నట్టే జరుగుతాయి. దాన్ని నమ్మలేక రేటు పెంచేవాళ్లను ఎంతోమందిని చూశాను. అలా చేస్తే అనుమానం ఎక్కడుందో కనబడదు, ప్రణాళిక మాత్రం చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. అంకెలు నమ్మబుద్ధి కాకపోతే అంకెలే తగ్గించాలి. అమ్మేవాళ్ల లెక్కలో టెర్మినల్ వాల్యూను ఐదో ఏడాది క్యాష్ ఫ్లోతో భాగించి కూడా చూడండి. 10 శాతం దగ్గర అది 17 రెట్లు దాటుతోంది, 11 దగ్గర 15 రెట్ల లోపు. వృద్ధి 4 శాతానికి తగ్గిపోయిన వ్యాపారాన్ని ఆ రోజు 17 రెట్లకు ఎవరైనా కొంటారా అని అడిగితే, బీటా, బరువుల గొడవ తెలియనివాళ్లు కూడా జవాబు చెప్పగలరు.

మా డీల్‌లో చివరికి రేటు గురించి వాదన ఆపేసి, రెండు వైపులా 11 వాడాం. అమ్మేవాళ్లు కస్టమర్ పోయే అవకాశం 10 శాతమే అన్నారు, మేం 25 దగ్గరే ఉన్నాం. ఆ తేడాను మాటలతో తీర్చలేదు. ధరలో కొంత భాగాన్ని పక్కన పెట్టి, కాంట్రాక్టు రెన్యువల్ అయితేనే అది చెల్లించేలా రాసుకున్నాం. తమ 10 శాతం మీద నిజంగా నమ్మకం ఉన్న అమ్మకందారుకు ఆ షరతు లాభమే, అందుకే వాళ్లు పెద్దగా బేరమాడకుండా ఒప్పుకున్నారు. మీ డీల్‌లో కూడా ఇదే ప్రతిపాదన పెట్టి చూడండి. వాళ్లు ఆ షరతుకు ఎంత గట్టిగా అడ్డుపడితే, మీ లెక్కలో కస్టమర్ పోయే అవకాశాన్ని అంత పైకి జరపాల్సి ఉంటుంది.