ఒకే వాక్యంలో మూడు ‘ఓఁ’లు

“ఈ ఫ్రెంచ్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి తేవాలి: ‘ఓఁ నె తారివే తార్, ఎ ఓఁ నూ జా ది కోఁ న పూవె ప్లూ జాఁత్రే.’ ఇందులో ‘ఓఁ’ అనే కర్త మూడుసార్లు వచ్చింది. మూడు చోట్లా ‘వుయ్’ పెడితే అర్థం కుదరడం లేదు. ఏం చేయాలి?”

మొదటిదానికి ‘వుయ్’ సరైనదే. వాక్యంలో ‘తారివే’గా వినిపించే ‘అరివే’ చివర రాతలో బహువచనపు ఎస్ ఉంది చూడండి. అది పలకదు, కానీ వచ్చింది ఒకరు కాదని చెప్పేస్తుంది.

చిక్కంతా రెండోదానితోనే. దాని పక్కనే ‘నూ’ ఉంది, అంటే ‘మాకు’. మాకు మేమే చెప్పుకోలేదు కదా, కాబట్టి ఈ ‘ఓఁ’ వేరే ఎవరో. తెలుగులో కర్త లేకుండా ‘మాకు చెప్పారు’ అంటామే, అచ్చం అదే. ఇంగ్లీషులో అలా కర్తను వదిలేయడం కుదరదు. ‘దే’ అంటే ఆ ‘దే’ ఎవరని చదివేవాళ్లు వెతుక్కుంటారు. అందుకే ఇక్కడ పాసివ్ వాడండి. మూడోది మళ్లీ ‘వుయ్’, ఎందుకంటే లోపలికి వెళ్లలేకపోయింది మీ వాళ్లే.

నేనైతే ఇలా రాస్తాను: ‘వుయ్ గాట్ దేర్ లేట్ అండ్ వర్ టోల్డ్ వుయ్ కుడ్ నో లాంగర్ గో ఇన్.’

ఎవరికైనా వర్తించే మాటైతే సంగతి వేరు. ‘ఓఁ న సే జామె’కి ‘యూ నెవర్ నో’ అనాలి. అక్కడ ‘వన్’ పెడితే వ్యాకరణం తప్పు కాదు గానీ, మామూలు సంభాషణలో మరీ బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది.