రాజీనామా ఉత్తరం బావగారు దిద్దారట!

"నా వయసు 33. మాది మదనపల్లె. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వచ్చే జూన్ 14కి ఐదేళ్లు నిండుతాయి. మా బావగారు రెఫర్ చేస్తే వచ్చిన ఉద్యోగం ఇది. మా మేనేజర్ ఆయనకి పాత కొలీగ్. పోయిన గురువారం రిలీజ్ ఒకటి ఫెయిలైంది. పదిమంది ముందు మేనేజర్ అరగంటసేపు ఇంగ్లిష్‌లో అరిచి, చివర్లో తెలుగులోకి మారి 'నిన్ను తెచ్చి నా నెత్తిన పెట్టినవాణ్ణి అనాలి' అన్నాడు. ఆ రాత్రే రాజీనామా రాశాను, పేజీన్నర, నాలుగేళ్లలో నాకు జరిగినవన్నీ తేదీలతో సహా. శనివారం బావగారికి చూపిస్తే మొత్తం తీసేసి, రిలీజ్ పొరపాటుకి క్షమాపణ, నన్ను తీర్చిదిద్దినందుకు కృతజ్ఞతలు అంటూ మర్యాదగా వేరేది రాసిచ్చారు. మేనేజర్‌కి ఫోన్ చేసి సర్దిచెప్పారు కూడా. సోమవారం మెట్రోలో ఇంటికొస్తూ నేనే రెండు లైన్లలో మూడోది రాసుకున్నాను. మూడూ ఆఫీసు మెయిల్ డ్రాఫ్ట్స్‌లో ఉన్నాయి. ఏది పంపమంటారు? మొదటిది పంపకపోతే నా ఆత్మగౌరవం ఏమైనట్టు? రెండోది పంపకపోతే బావగారు, అక్క బాధపడతారు. మా ఆవిడ 'మీ ఇష్టం' అంటోంది. బేసిక్ 48 వేలు, నోటీసు 90 రోజులు."

మూడోది. మీరడిగినదానికి జవాబు ఇంతే. ఇప్పుడు మీరు అడగని సంగతికి వద్దాం.

మీ ఉత్తరంలో మేనేజర్ మూడు చోట్ల కనిపించాడు, బావగారు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు. అరగంటసేపు ఇంగ్లిష్‌లో తిట్టినదాంట్లో ఒక్క ముక్క కూడా మీరు నాకు రాయలేదు చూశారా? తెలుగులో అన్న ఆ ఒక్క వాక్యం మాత్రం ఉన్నదున్నట్టు రాశారు. అందులో తిట్టింది మిమ్మల్ని కూడా కాదు, మిమ్మల్ని తెచ్చినవాణ్ణి. పని సరిగ్గా రాలేదు అంటే మీరు తట్టుకునేవారేమో, నువ్వొక మనిషి తెచ్చి పెట్టిన సరుకువి అన్నాడు కాబట్టి రాత్రంతా నిద్ర లేకుండా పేజీన్నర రాశారు. ఎందుకంటే ఆ మాట వాడికన్నా ముందు మీకు మీరే ఐదేళ్లుగా అనుకుంటున్నారు. నాకు తోచింది ఇదీ, తప్పయితే తిట్టండి.

తీరా ఆ మంట చల్లారకముందే ఉత్తరం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లారు? సరిగ్గా ఆయన దగ్గరికే.

ఆయన రాసిచ్చిన ఉత్తరం గురించి ముందు చెబుతాను, నాకు ఒళ్లు మండింది దాని గురించే కనుక. రాజీనామాలో క్షమాపణ ఎందుకండీ? రిలీజ్ ఒకటి బయటికి వెళ్లాలంటే ఎంతమంది చెయ్యి పడుతుందో మీకు తెలుసు. కోడ్ ఇంకొకరు చూస్తారు, టెస్టింగ్ వాళ్లు సరే అంటారు, పైన మేనేజరో ఇంకెవరో అప్రూవల్ కొడతారు. అది బెడిసికొట్టిన వారంలోనే 'నా పొరపాటుకి క్షమించండి' అని మీ పేరుతో మెయిల్ వెళ్లిందనుకోండి, మీరు వెళ్లిపోయాక కూడా అది ఫైల్లో కూర్చుంటుంది, రేపు ఎవరు అడిగినా మేనేజర్ చూపించేది అదే కాగితం. బావగారు చెడు తలపుతో రాశారని నేననను. ఆయన తన స్నేహం చెడకుండా చూసుకున్నారు. మీ సంతకం పెట్టి ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నారు, అంతే. ఇక ఆ ఫోన్‌లో ఏమన్నారో మీకు తెలీదు కానీ నేను ఊహించగలను. 'వాడింకా చిన్నపిల్లాడు, నేను చెప్తాలే' అనే ఉంటారు. ముప్పై మూడేళ్ల చిన్నపిల్లాడు!

నాకెందుకింత కోపమో కూడా చెప్పేస్తాను. పెళ్లికి ముందు నుంచీ నేనొక స్కూల్లో టీచర్ని. పెద్దవాడు పుట్టాక నా రాజీనామా ఉత్తరం మా మామగారు రాశారు. చక్కటి దస్తూరి ఆయనది, తెల్ల ఫుల్‌స్కేప్ మీద ఎక్కడా కొట్టివేత లేకుండా రాసి, పెన్ను మూత తీసి మరీ నా చేతికిచ్చారు. 'కుటుంబ కారణముల వలన' అని ఉంది. నేను సంతకం పెట్టాను. ఆ ఉద్యోగం పోయిందన్న బాధ రెండు మూడేళ్లలో తగ్గింది గానీ, ఆ మాటలు నావి కావన్నది ఇప్పటికీ తగ్గలేదు. అందుకే మీ బావగారు 'మర్యాదగా రాసిచ్చారు' అన్నదగ్గర ఆగిపోయాను.

రెఫర్ చేయడమంటే ఏమిటి? పోర్టల్‌లో మీ రెజ్యూమె అప్‌లోడ్ చేసి, పాత కొలీగ్‌కి ఒక మాట చెప్పి ఉంటారు. మంచి పని చేశారు, కాదనను. ఇంటర్వ్యూలకి కూర్చుంది మాత్రం మీరు. ఇన్నేళ్లుగా రాత్రి కాల్స్‌లో ఉన్నదీ మీరే. ఒకవేళ ఆయనా ఆ కంపెనీవారే అయితే రెఫరల్ బోనస్ కూడా వచ్చే ఉంటుంది, ఆ లెక్క అక్కయ్యకి తెలుసో లేదో! అల్లుడి మాట పోకూడదని మీ ఇంట్లో అనుకోవడం నాకు తెలుసు, అన్ని ఇళ్లలోనూ అనుకుంటారు. బావగారిని గౌరవించండి, పండక్కి బట్టలు పెట్టండి, ఆయనకి ఒంట్లో బాగోలేకపోతే రాత్రంతా ఆస్పత్రిలో కూర్చోండి. ఉద్యోగం ఎప్పుడు మానాలో, ఏ మాటతో మానాలో ఆ లెక్కలోకి రాదు.

మొదటి ఉత్తరం సంగతికొద్దాం, మీ ఆత్మగౌరవం అందులో ఉందంటున్నారు కదా. హెచ్‌ఆర్ వాళ్లు రాజీనామా తెరిచి చూసేది ఒక్కటే, చివరి పనిరోజు ఎప్పుడని. మీ పేజీన్నరలోంచి తేదీ ఏరుకుని మిగతాది వదిలేస్తారు. మేనేజర్ మీద ఫిర్యాదు ఉంటే దానికి వేరే దారి ఉంటుంది, అది ఉద్యోగంలో ఉండగా విడిగా, ఆ గురువారం ఒక్కదాని గురించే రాయాలి. ఎన్నింటికి, ఎవరెవరు ఉన్నారు, ఏ మాట అన్నాడు, ఇంతే. ఆ మీటింగులో తెలుగు వచ్చినవాళ్లు మీరు కాక ఇంకెవరున్నారో గుర్తు చేసుకోండి, ఆ మాటకి సాక్షి వాళ్లే. నాలుగేళ్ల చిట్టా అంతా రాజీనామాలో కలిపితే వెళ్లిపోతూ అక్కసు తీర్చుకున్నాడంటారు. పైగా వేడి మీదున్న మేనేజర్ నోటీసు కూడా వద్దు రేపే వెళ్లు అనొచ్చు. అది మీకు నష్టం, ఎలాగో చెబుతాను.

ఇవాళ ఫిబ్రవరి 18. ఇవాళే పంపారనుకోండి, 90 రోజులంటే మే 19న మీ ఆఖరి రోజు. ఐదేళ్లు నిండేది జూన్ 14న. ఇరవై ఆరు రోజులు తక్కువ! పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల సర్వీసు ఉండాలి, నోటీసు రోజులు కూడా సర్వీసులోకే వస్తాయి. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకి 26 పనిరోజులుగా లెక్క. మీ బేసిక్ ఒక్కటే తీసుకున్నా 48 వేలని పదిహేనుతో హెచ్చించి 26తో భాగిస్తే 27,692 చిల్లర, దానికి ఐదేళ్లు, మొత్తం లక్షా 38 వేల పైచిలుకు. నాలుగేళ్ల మీద 240 రోజులు చేస్తే చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుంది, స్నేహితులెవరైనా చెబుతారు. నిజమే గానీ బెంగళూరులో కూర్చుని కంపెనీతో ఆ వాదన పెట్టుకోవడం కన్నా నెల ఆగడం తేలిక కాదూ.

మార్చి 20 దాటాక పంపితే ఆఖరి రోజు జూన్ 18 అవుతుంది, లెక్క సరిపోతుంది. వాళ్లు ముందే పంపేస్తారేమోనన్న చిన్న భయం అప్పుడూ ఉంటుంది, అందుకని మీ అపాయింట్‌మెంట్ లెటర్లో నోటీసు గురించిన పేరా తీసి, కంపెనీ తనంతట తాను ఆ గడువు తగ్గించొచ్చా అన్నది చదవండి. తగ్గించొచ్చని ఉంటే జూన్ 15 దాకా పళ్లబిగువున ఉండి అప్పుడే పంపండి. నేనైతే ఎలాగైనా జూన్ దాకా ఉండేదాన్ని, ఈలోగా ఇంటర్వ్యూలకి తిరిగేదాన్ని. అమ్మానాన్నలు కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉన్నారేమో అది కూడా చూసుకోండి, సాధారణంగా మీ ఆఖరి రోజుతోనే అదీ ఆగిపోతుంది.

ఇంకొకటి, ఆఫీసు మెయిల్లో రాజీనామాలు దాచుకోవడమేమిటండీ! ఆ మూడింటిలోనూ పంపాల్సినవాళ్ల అడ్రసు గడి ఖాళీ చేయండి ముందు. నిద్రలో వేలు తగిలి పేజీన్నర వెళ్లిందంటే బావగారు కాదు కదా ఎవరూ సర్దిచెప్పలేరు. మొదటిది మీ సొంత నోటుబుక్కులో చేత్తో రాసుకోండి, తేదీలు పోకుండా. ఆఫీసు ఫైళ్లు, మెయిళ్లు మాత్రం సొంత అడ్రసుకి పంపుకోకండి, అది వాళ్లకి మీరే ఇచ్చే సాకు.

ఇక ఆ మూడోది. 'నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నోటీసు ప్రకారం నా చివరి పనిరోజు ఫలానా తేదీ, ఆమోదం తెలియజేయగలరు.' ఇలాంటిదే అయ్యుంటుంది, ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. మెట్రోలో నిలబడి, భుజానికి బ్యాగు, ఒక చేత్తో ఫోన్, కుందలహళ్లిలో మొదలుపెట్టి కె.ఆర్.పురం వచ్చేలోపు రాసి ఉంటారు. రాసేటప్పుడు ఎవరినీ అడగలేదు. అందులో మేనేజర్ లేడు, బావగారూ లేరు.

మీ ఆవిడ 'మీ ఇష్టం' అనడం గురించి ఒక్క ముక్క. ముందు బావగారికి చూపించి తర్వాత ఆమెకి చెబితే ఇంకేమంటుంది? ఈసారి తేదీల లెక్క, ఇంటి ఖర్చుల లెక్క ఆమెతోనే కూర్చుని వేయండి.

ఆదివారం అక్క వాళ్లింటికి భోజనానికి వెళ్తారుగా, అప్పుడు ఆ విషయం తప్పక వస్తుంది. మీరే ఎత్తండి, అన్నం తిన్నాకే, అక్క కూడా ఉన్నప్పుడే. 'బావగారూ, మీరు రాసిచ్చింది పంపట్లేదు, మేనేజర్‌తో ఇకమీదట నేనే మాట్లాడుకుంటాను, మీరు ఫోన్ చేయొద్దు' అనండి. కారణాలు చెప్పుకుంటూ పోకండి, చెప్పిన కొద్దీ ఆయన దిద్దుతారు. ముఖం ముడుచుకుంటారు, అక్క వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తుంది, రెండు వారాలు ఫోన్లు ఉండవు. ఉండనీండి. మరీ వదలకుండా 'ఏదీ, ఇప్పుడేం రాశావో చూపించు' అని చెయ్యి చాపితే మాత్రం ఫోన్ జేబులోంచి తీయకండి. పంపాక చూపిస్తానని చెప్పి, మజ్జిగ అడగండి.