బంకమట్టి ముద్ద, మేకు, మెకానికల్ సీటు

"సార్, మాది అనంతపురం. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. మొన్న టెస్టులో ఒక లెక్క వచ్చింది. 3 కిలోల బరువు, 1 మీటరు పొడవున్న కడ్డీ పై కొస మేకుకు బిగించి నిలువుగా వేలాడుతోంది. అరకిలో బంకమట్టి ముద్ద సెకనుకు 6 మీటర్ల వేగంతో అడ్డంగా వచ్చి కింది కొసకు తగిలి అతుక్కుంది. ఒమేగా ఎంత, ఎంత కోణం వరకు ఊగుతుంది అని అడిగారు. మొమెంటం కన్జర్వేషన్ పెడితే నాకు 0.86 వచ్చింది. కీలో 2 ఉంది. నాకు మెకానికల్ ఇష్టం. ఈ లెక్కే రానోడికి మెకానికల్ ఎందుకురా అంటున్నాడు నాన్న. ఏం చేయమంటారు?"

నాయనా, ముందు లెక్క సంగతి తేలుద్దాం. సీటు సంగతి అందులోనుంచే వస్తుంది.

నీకు 0.86 ఎలా వచ్చిందో కనిపిస్తూనే ఉంది. ముద్ద మొమెంటం 0.5 × 6 = 3. దాన్ని మొత్తం బరువు 3.5తో భాగించావు. ఇందులో తప్పులు రెండున్నాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. మొదటిది, కడ్డీ అంతా ఒకే వేగంతో కదిలిందనుకున్నావు. మేకు దగ్గరున్న కొస అసలు కదలదు, కింది కొస అందరికంటే జోరుగా పోతుంది. సరే, దీన్ని దిద్దుకుందాం. కడ్డీ మధ్య బిందువు వేగం 0.5ω, ముద్ద వేగం ω. అప్పుడు 3 × 0.5ω + 0.5 × ω = 3, అంటే ω = 1.5. కీ మాత్రం ఇంకా 2 దగ్గరే ఉంది. చాలామంది పిల్లలు ఇక్కడిదాకా వచ్చి, కీ తప్పని తేల్చేసి ఊరుకుంటారు.

రెండో తప్పు మేకుది. ఆ లెక్కలో మేకును నువ్వు బొమ్మలోనే గీయలేదు అనుకుంటాను. ముద్ద తగిలిన ఆ క్షణంలో మేకు కూడా కడ్డీని తోస్తుంది. బయటి నుంచి ఒక తోపు వచ్చాక మామూలు మొమెంటం అంతే మిగలాలని ఎవరూ పూచీ ఇవ్వరు. కానీ ఆ తోపు సరిగ్గా మేకు దగ్గరే పడుతుంది కాబట్టి మేకు చుట్టూ దాని టార్క్ సున్నా. అందుకే మేకు చుట్టూ యాంగ్యులర్ మొమెంటం (తెలుగు మీడియం పుస్తకంలో కోణీయ ద్రవ్యవేగం) మారదు. గురుత్వం మాటేమిటంటావా? కడ్డీ నిలువుగా ఉంది, దాని బరువు గీత మేకు గుండానే పోతుంది. అక్కడా టార్క్ లేదు.

నేరుగా వచ్చే ముద్దకు యాంగ్యులర్ మొమెంటం ఎక్కడిదని తికమకపడకు. మేకు నుంచి ముద్ద దారికి లంబంగా ఉన్న దూరంతో mvని గుణిస్తే చాలు. ముద్ద ఏటవాలుగా వస్తే ఆ దూరం తగ్గుతుంది, తేడా అంతే.

తగలకముందు mvL = 0.5 × 6 × 1 = 3. తగిలాక కడ్డీ ఇనర్షియా ML²/3 = 1, ముద్దది mL² = 0.5, మొత్తం 1.5. కాబట్టి 1.5ω = 3, ω = 2.

ఇప్పుడు ఈ 2ను తీసుకెళ్లి మామూలు మొమెంటంలో పెట్టి చూడు. కడ్డీది 3 × 1 = 3, ముద్దది 0.5 × 2 = 1, మొత్తం 4. ముందు 3 ఉన్నది 4 అయింది! పెరిగిన ఆ 1 మేకు ఇచ్చింది, అదీ ముద్ద పోతున్న దిక్కుకే. మేకు ఎప్పుడూ ఆపడానికే ఉంటుందని అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. నమ్మకం లేకపోతే నున్నటి టైల్స్ మీద 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టి, ఒక కొసను పెన్సిలుతో అడ్డంగా టక్కున కొట్టు. రెండో కొస వెనక్కి జరుగుతుంది. అక్కడ మేకు ఉంటే ఆ వెనక్కిపోయే కొసను ముందుకు తోసి పట్టి ఉంచాలి కదా? ఆ తోపే ఈ 1. స్కేలు నడిమధ్యన కొడితే రెండు కొసలూ కలిసి ముందుకే పోతాయి. ఆ దూరపు కొస నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర కొడితే, ఆ కొస ఆ క్షణానికి దాదాపు కదలకుండా ఉంటుంది. (ముద్ద కావాలంటే చపాతీ పిండి తీసుకో. రాగి సంగటి ముద్దతో చేస్తే మీ అమ్మ నా మీదికొస్తుంది.)

అంటే పొడవులో మూడింట రెండు వంతుల దగ్గర దెబ్బ పడితే మేకుకు పనే లేదు. నీ లెక్కలోనే ముద్దను మేకు నుంచి 2/3 మీటరు దగ్గర అతికించి చూడు. ω 1.64 వస్తుంది, మామూలు మొమెంటం ముందూ వెనకా 3గానే ఉంటుంది. ఆ ఒక్క చోట మాత్రం నువ్వు దిద్దిన రెండో పద్ధతి, అంటే మధ్య బిందువు వేగంతో వేసే లెక్క, సరైన జవాబే ఇస్తుంది. అది అదృష్టం, పద్ధతి కాదు.

ఇక కోణం. ముద్దకు ముందున్న గతిశక్తి 9 జౌళ్లు. అతుక్కున్నాక ½ × 1.5 × 4 = 3 జౌళ్లు. మిగతా 6 మట్టి నలగడంలోనే పోయాయి. కాబట్టి అతుక్కునే క్షణంలో శక్తి సమీకరణం రాయకూడదు, అతుక్కున్నాక మాత్రమే రాయాలి. g 10 అనుకుంటే 3 = (1.5 + 0.5) × 10 × (1 − cos θ). cos θ = 0.85, కోణం దాదాపు 32 డిగ్రీలు. 9 జౌళ్లతో మొదలుపెట్టినవాడికి 57 డిగ్రీలు వస్తాయి, ఆప్షన్లలో అదీ ఒకటి పెట్టి ఉంటారు. పేపరు చేసేవాళ్లకు మన తప్పులు మనకంటే బాగా తెలుసు.

శక్తి తగ్గిందా లేదా అని చూసుకోవడం మంచి అలవాటే కానీ అది అన్నిటినీ పట్టదు. నీ 0.86తో కూడా శక్తి తగ్గినట్టే కనిపిస్తుంది. దాన్ని పట్టించేది యాంగ్యులర్ మొమెంటం. 1.5 × 0.86 దాదాపు 1.29. ముందు 3 ఉంది, మిగతాది ఎవరు తీసుకెళ్లారు? మేకు తీసుకోలేదు, బరువు తీసుకోలేదు. తీసుకోవడానికి వేరే ఎవరూ లేరు.

ఇక మీ నాన్న మాట. మెకానికల్‌లో చేరితే ల్యాబ్‌లో చార్పీ మెషీన్ అని ఒకటి కనిపిస్తుంది. పైన బిగించిన బరువైన సుత్తి ఊగుతూ వచ్చి కింద పెట్టిన చిన్న ఇనుప ముక్కను విరగ్గొడుతుంది. విరిచాక సుత్తి అవతలి వైపు ఎంత ఎత్తుకు పోయిందో చూసి, ముక్క ఎంత శక్తి తీసుకుందో చెబుతారు. సుత్తి ఎక్కడ తగలాలో ఊరికే పెట్టలేదు. పైనున్న ఇరుసుకు కుదుపు రాకూడదని, నీ స్కేలు మీద 20 సెంటీమీటర్ల లాంటి చోటు చూసి తగిలేలా చేస్తారు. కుదుపు వస్తే కొంత శక్తి మెషీన్‌లోకి పోయి, అది కూడా ముక్క ఖాతాలో పడుతుంది. మెకానికల్ వాళ్ల రోజువారీ పని ఇలాంటిదే, బొమ్మలో మేకు గీసి అది ఎటు తోస్తోందో అడగడం.

ఒక్క లెక్క పోయిందని బ్రాంచి మార్చమని నేను చెప్పను. కానీ ఇష్టం అన్న ఒక్క మాట మీద చేరమనీ చెప్పను. రొటేషన్‌లో నువ్వు తప్పుచేసిన లెక్కలన్నీ ముందేసుకో. ప్రతిదానికీ బొమ్మ మళ్లీ గీసి, బిగించిన చోట బాణం గుర్తు పెట్టు. సగానికి సగం ఆ బాణం మరిచిపోవడం వల్లే పోయి ఉంటే, అది రెండు వారాల్లో దిద్దుకునే పొరపాటు. బాణం పెట్టాక కూడా ఏ బిందువు చుట్టూ లెక్క వేయాలో తోచకపోతే ఆ లెక్కలు పట్టుకుని ఒకసారి కర్నూలు వచ్చి కలువు, కూర్చుని చూద్దాం.

ఈలోగా ఇదే ముద్దను కడ్డీ నడిమధ్యన అతికించి చేసి పంపు. ω 1.33 రావాలి, మేకు తోపు మైనస్ 0.67 రావాలి. ఆ మైనస్ ఎందుకో నాన్నకు స్కేలుతో చూపించు.