మొదటి బోరు కొలిచాక ఆఫ్‌సెట్ ఎంత ఇవ్వాలి?

ప్రశ్న: సార్, మెకానికల్ డిప్లొమా అయింది. వచ్చే వారం విజయవాడ ఆటోనగర్‌లో ఒక సీఎన్‌సీ షాపులో ట్రేడ్ టెస్ట్ ఉంది. లేత్ మీద మొదటి బోరు కొలిచి ఆఫ్‌సెట్ సరిచేయమంటారట. ఎంత ఇవ్వాలో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

జవాబు: డ్రాయింగ్‌లో 40 H7 ఉందనుకుందాం. అంటే బోరు 40.000 నుంచి 40.025 లోపు రావాలి. మధ్య సైజు సుమారు 40.012. మీ మొదటి బోరు 39.986 వచ్చిందంటే 0.026 తక్కువ. సరిగ్గా అంతే పెంచండి. 40.002 వచ్చినా పాసే కదా అని అంచుకు గురిపెట్టొద్దు. ఇన్సర్ట్ అరిగేకొద్దీ బోరు చిన్నదవుతుంది, రెండో మూడో జాబ్‌కే రిజెక్ట్ కావచ్చు. మరీ పైకి పెట్టుకున్నా ప్రమాదమే. చిన్న బోరును మళ్లీ కోయవచ్చు, పెద్దదైతే చేయగలిగిందేమీ లేదు.

ఆ 0.026ను సగం చేయకండి. లేత్‌లో X విలువ మామూలుగా వ్యాసం లెక్కే. బోరు పెరగాలంటే ప్లస్.

ఎక్కువమంది తడబడేది కీ దగ్గర. ఫానక్ కంట్రోల్‌లో WEAR పేజీ తెరిస్తే, ఆ టూల్ X దగ్గర ముందే -0.040 ఉందనుకోండి. 0.026 టైప్ చేసి +INPUT నొక్కితే పాత విలువకు కలిసి -0.014 అవుతుంది. అదే సరైనది. పొరపాటున INPUT నొక్కితే పాతది పోయి 0.026 కూర్చుంటుంది. అప్పుడు టూల్ 0.066 జరిగి, తర్వాతి బోరు 40.052 వస్తుంది. అది నేరుగా తుక్కులోకే. నొక్కాక స్క్రీన్ మీది కొత్త విలువను ఒకసారి పైకి చదవండి. చూసే సూపర్‌వైజర్‌కూ అది నచ్చుతుంది.

ఇదంతా కొలత నిజమైతేనే. బోరులో కూలెంట్, చిప్స్ తుడిచేయండి. బోర్ గేజ్‌ను సెట్టింగ్ రింగ్‌లో జీరో చేసి, అటూఇటూ ఊపుతూ ముల్లు వెనక్కి తిరిగే చోట చదవండి. జాబ్ వేడిగా ఉంటే ఆగండి. 40 మి.మీ. స్టీల్ బోరు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మైక్రాన్లు పెద్దగా చూపిస్తుంది. మూతి దగ్గరా, లోపలా రెండు చోట్లా కొలవండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే అది టేపర్. దాన్ని ఆఫ్‌సెట్‌తో సరిచేయలేరు, ఆ మాట సూపర్‌వైజర్‌కు చెప్పేయండి.

అదే జాబ్‌ను మళ్లీ కోయమంటే ఇంకో చిక్కుంది. పక్కకు 0.013 మాత్రమే మిగిలింది కాబట్టి ఇన్సర్ట్ కోయకుండా రుద్దుకుంటూ పోవచ్చు, సైజు 40.012కు చేరకపోవచ్చు. ఆ కొలత చూసి వెంటనే ఆఫ్‌సెట్ ఇంకా పెంచకండి. కొత్త జాబ్ మీద నిండు కోత వేసి, దాన్ని కొలిచాకే తేల్చుకోండి.